జంట చీలికల ప్రయోగం ఇంట్లోనే: పట్టీ వెడల్పు ఎలా కొలవాలి, ఏది మారిస్తే ఏం మారుతుంది

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ చదివే పిల్లలు, వాళ్లకు చెప్పే తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "చీలికలు దగ్గరికి జరిపితే పట్టీలు కూడా దగ్గరవ్వాలి కదా, మరి దూరమవుతాయని ఎందుకు రాశారు?" దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఇది ఇంట్లో చేసి చూడొచ్చా?" చూడొచ్చు. ఒక లేజర్ పాయింటర్, ఒక షేవింగ్ బ్లేడు, కరెంటు తీగలోని ఒక పోగు ఉంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. పని ఓపికగా చేస్తే లేజర్ తరంగదైర్ఘ్యం కూడా మీరే కొలవగలరు.

రెండు సన్నటి చీలికల గుండా వెళ్లిన కాంతి తెర మీద కలిసి వెలుగు, చీకటి పట్టీలుగా పడుతుంది. ఆ పట్టీల సిద్ధాంతం ఈ ఒక్క లైనే:

```
β = λD / d
```

β అంటే పట్టీ వెడల్పు, అంటే ఒక ప్రకాశవంతమైన పట్టీ మధ్య నుంచి పక్క పట్టీ మధ్య వరకు దూరం. λ కాంతి తరంగదైర్ఘ్యం. D చీలికల నుంచి తెర వరకు దూరం. d రెండు చీలికల మధ్య దూరం, అది కూడా ఒక చీలిక మధ్య నుంచి రెండో చీలిక మధ్య వరకు. ఈ చివరి మాట దగ్గరే సగం మంది పొరపాటు పడతారు. దాని సంగతి తర్వాత చూద్దాం.

కావాల్సినవి

- ఎర్ర లేజర్ పాయింటర్. లేబుల్ మీద Class 2 లేదా <1mW అని ఉన్నది తీసుకోండి. దొరికితే ఆకుపచ్చది కూడా ఒకటి.
- రెండు వైపులా పదునుండే షేవింగ్ బ్లేడు ఒకటి.
- సన్నటి రాగి పోగు. 0.5 చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరులో మామూలుగా 0.2 మి.మీ. పోగులు 16 ఉంటాయి. 1 చదరపు మి.మీ. హౌస్ వైరు ఒక రకంలో 0.3 మి.మీ. పోగులు 14 ఉంటాయి. రెండు రకాలూ ఒక్కో జానెడు దొరికితే మంచిది. ఎలక్ట్రీషియన్ దగ్గర పారేసే ముక్కలైనా చాలు.
- గట్టి అట్ట, రంధ్రాలు వేసే పంచింగ్ మెషిన్, సెల్లో టేపు, నల్ల మార్కర్, రెండు బైండర్ క్లిప్పులు, బట్టల క్లిప్పు.
- ఎ4 కాగితం, మిల్లీమీటర్ల స్కేలు, కొలిచే టేపు.

ముందు జాగ్రత్తలు

లేజర్‌ను చీలికల గుండా కంటితో చూడకూడదు. పాఠంలోని బొమ్మలో చీలికల అవతల కన్ను గీసి ఉన్నా సరే, ఇక్కడ తెర మీదే చూడాలి. అంతకంటే మనకు తట్టని ప్రమాదం బ్లేడు నుంచి వస్తుంది. అది అద్దంలా మెరుస్తుంది, దాని మీద పడిన కాంతి తిరిగి వచ్చి ఎవరి కంట్లోనైనా పడొచ్చు. అందుకే లేజర్ వైపు ఉండే ముఖానికి నల్ల మార్కర్ పూయమంటాను. లేజర్‌ను కూర్చున్న వాళ్ల కళ్ల ఎత్తులో కాకుండా బల్ల మీద, కింద పెట్టండి.

బజారులో లేబుల్ లేకుండా దొరికే చవక ఆకుపచ్చ లేజర్లు రాసినదానికంటే శక్తిమంతంగా ఉండొచ్చు. కొన్నింటి నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా వస్తుంది. నమ్మకం లేకపోతే ఎర్రదాంతోనే సరిపెట్టుకోండి.

దశలు

1. తీగ మందం కొలవండి. 0.2 మి.మీ.ని స్కేలుతో నేరుగా కొలవలేరు. పోగును పెన్సిలు మీద ఒకదాని పక్కన ఒకటి ఆనేలా 20 చుట్లు చుట్టి, మొత్తం వెడల్పు కొలిచి 20తో భాగించండి. 4 మి.మీ. వస్తే తీగ 0.2, 6 వస్తే 0.3. చుట్ల మధ్య సందు ఉంటే తీగ లేని లావు చూపిస్తుంది, కాబట్టి గోరుతో దగ్గరికి నెట్టి కొలవండి.

2. కాగితం మందం చూడండి. 500 కాగితాల ఎ4 కట్ట దాదాపు 5 సెం.మీ. ఎత్తుంటుంది. అంటే ఒక్కో కాగితం సుమారు 0.1 మి.మీ. మన చీలిక వెడల్పును నిర్ణయించేది ఈ కాగితమే.

3. తీగను బిగించండి. అట్టకు పంచింగ్ మెషిన్‌తో ఒక రంధ్రం వేయండి. చుట్టని కొత్త పోగు ముక్కను రంధ్రం మధ్యగా నిలువునా లాగి పట్టుకుని రెండు చివర్లా టేపు వేయండి. తీగ వంకర ఉంటే చీలిక పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు అవుతుంది. రెండు చివర్లూ పట్టుకుని కొద్దిగా గట్టిగా లాగితే వంకర పోతుంది.

4. బ్లేడ్లు పెట్టండి. బ్లేడును కాగితంలో చుట్టి పొడవునా విరిస్తే రెండు సగాలు వస్తాయి. చేయి జాగ్రత్త, ఇది పిల్లలు చేసే పని కాదు. లేజర్ వైపు ఉండే ముఖాలకు మార్కర్ పూయండి. ఒక సగాన్ని తీగకు ఎడమన, పదును తీగ వైపు ఉండేలా పెట్టండి. తీగకూ పదునుకూ మధ్య, రంధ్రానికి పైన ఒకటి, కింద ఒకటి, చిన్న కాగితం ముక్కలను అంచు మీద నిలబెట్టి, బ్లేడును వాటికి ఆనేదాకా జరిపి టేపు వేయండి. కుడివైపు కూడా అంతే. కాగితం ముక్కలు రంధ్రంలోకి రాకపోతే చాలు, వాటిని అక్కడే వదిలేయొచ్చు.

ఇప్పుడు తీగకు అటూ ఇటూ 0.1 మి.మీ. వెడల్పున్న రెండు చీలికలు తయారయ్యాయి. అట్టను వెలుతురుకు ఎత్తి (లేజర్‌కు కాదు) చూస్తే నల్ల గీతకు రెండు పక్కలా సన్నటి వెలుగు గీతలు కనిపించాలి. ఒక పక్కే కనిపిస్తే రెండో బ్లేడు తీగకు ఆనుకుపోయిందని అర్థం.

ఇంతకూ థామస్ యంగ్ చేసిందీ ఇలాంటిదే. 1803లో లండన్ రాయల్ సొసైటీ ముందు వివరించిన ప్రయోగంలో ఆయన కిటికీ తలుపులోని చిన్న రంధ్రం గుండా వచ్చే సూర్యకాంతికి అడ్డంగా, అంగుళంలో ముప్ఫయ్యో వంతు వెడల్పున్న కార్డు ముక్క పెట్టారు. కాంతి ఆ ముక్కకు రెండు వైపులా వెళ్లి అవతల కలిసింది.

బ్లేడు ముట్టుకోవడం ఇష్టం లేకపోతే మెకానికల్ పెన్సిలు ముల్లులు మూడు పక్కపక్కన కాగితం సందుతో అంటించి, బయటి వైపులు టేపుతో మూసేయండి. 0.5 మి.మీ. ముల్లుతో d 0.6 అవుతుంది, పట్టీలు మరీ దగ్గరగా పడతాయి, తెర ఇంకా దూరం పెట్టుకోవాలి. తల వెంట్రుకను లేజర్‌కు అడ్డం పెట్టే చిట్కా కూడా చాలామంది చెబుతారు. పట్టీలు వస్తాయి, చూడ్డానికీ బాగుంటాయి, కానీ అక్కడ జంట చీలికలు లేవు. అది ఒక అడ్డు వల్ల కలిగే వివర్తనం. దాంతో జంట చీలికల లెక్క వేయకండి.

5. అన్నీ వరుసలో పెట్టండి. అట్టను బైండర్ క్లిప్పులతో నిలబెట్టండి. లేజర్‌ను దాని వెనక అర మీటరు దూరంలో పుస్తకాల మీద ఉంచి, బటన్‌ను బట్టల క్లిప్పుతో నొక్కి ఉంచండి. చేత్తో పట్టుకుంటే ఏదీ కొలవలేరు. అట్ట నుంచి సరిగ్గా 3 మీటర్ల దూరంలో గోడకు తెల్ల కాగితం అంటించి లైట్లు ఆపండి.

6. కనిపించింది జంట చీలికల నమూనాయేనా, చూడండి. ఈ దశను ఎవరూ దాటేయకూడదు. గోడ మీద అడ్డంగా ఎర్ర చుక్కల వరుస కనిపిస్తుంది. పుస్తకంలోలా పొడవాటి నిలువు గీతలు రాలేదని బెంగ వద్దు. లేజర్ పుంజం చిన్న చుక్క కాబట్టి పట్టీలు కూడా పొట్టిగానే ఉంటాయి. చీలికలు నిలువుగా ఉంటే వరుస అడ్డంగా పరచుకుంటుంది, అది సరైనదే.

ఇప్పుడు ఒక దళసరి కార్డును పక్క నుంచి మెల్లగా జరిపి ఒక చీలికను మూయండి. సన్న చుక్కలన్నీ మాయమై ఒకే వెడల్పాటి ఎర్ర మరక మిగలాలి. కార్డు తీయగానే ఆ మరక మళ్లీ చుక్కలుగా చీలాలి. యంగ్ కూడా ఒక పక్క కాంతిని అడ్డగించి ఇదే చూశారు. మూసినా చుక్కలు అలాగే ఉన్నాయంటే మీరు చూస్తున్నది ఒక చీలిక వివర్తనమో, తీగ వివర్తనమో. బ్లేడ్లు మళ్లీ సర్దాలి.

7. కొలవండి. ఒక్క పట్టీని కొలవద్దు. మన కొలతలతో లెక్క ప్రకారం β 6.5 మి.మీ. రావాలి. స్కేలుతో అర మిల్లీమీటరు తప్పినా ఒక్క పట్టీలో అది పెద్ద తప్పు. పది ఖాళీలు కలిపి కొలిస్తే అదే తప్పు పదో వంతవుతుంది. చుక్కల మధ్య బిందువులను కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, లైటు వేశాక కొలవండి.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, పది ఖాళీలకు పదకొండు చుక్కలు కావాలి. పది చుక్కలు లెక్కపెట్టి పదితో భాగించేవాళ్లు చాలామంది. రెండోది కాస్త లోతైనది. మీ వరుసలో మధ్యన ఐదు చుక్కలు బాగా వెలుగుతాయి, తర్వాత ఒక చోట ఖాళీ, ఆ తర్వాత మళ్లీ మసకగా రెండు చుక్కలు వస్తాయి. ఆ ఖాళీలో ఒక చుక్క ఉండాల్సింది. ఒక్కో చీలిక విడిగా వేసే వెలుగు సరిగ్గా అక్కడ సున్నా కావడం వల్ల అది కనిపించదు. d చీలిక వెడల్పుకు మూడు రెట్లు కాబట్టి, మధ్య చుక్కను సున్నాగా పెట్టి లెక్కిస్తే రెండు వైపులా మూడో చుక్క పోయింది. లెక్కలో మాత్రం దానికి చోటు ఉంచాలి: రెండో చుక్కకూ నాలుగో చుక్కకూ మధ్య దూరం ఒక ఖాళీ కాదు, రెండు.

అలా లెక్కేసి ఎడమవైపు ఐదో చుక్క నుంచి కుడివైపు ఐదో చుక్క వరకు కొలిస్తే పది ఖాళీలు. 65 మి.మీ. దగ్గర్లో రావాలి.

ఫోన్‌తో ఫొటో తీసి కొలుస్తానంటే స్కేలును కూడా తెర మీదే అంటించి, ఎదురుగా నిలబడి, ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. లేకపోతే మధ్య చుక్కలు ఉబ్బి ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి.

8. లెక్క వేయండి. d = తీగ మందం + ఒక చీలిక వెడల్పు = 0.2 + 0.1 = 0.3 మి.మీ.

```
β = 65 / 10 = 6.5 mm
λ = β d / D = 6.5 × 0.3 / 3000 = 0.00065 mm = 650 nm
```

d స్థానంలో తీగ మందం 0.2 వేసేవాళ్లకు 433 నానోమీటర్లు వస్తుంది. అది ఊదా నీలం. మీ ముందున్న చుక్క ఎర్రగా ఉంది కాబట్టి లెక్క తప్పని కళ్లే చెబుతాయి. రెండు చీలికల బయటి అంచుల మధ్య దూరం 0.4 వేసేవాళ్లకు 867 వస్తుంది, అది కంటికి కనిపించే కాంతే కాదు. జవాబు 600 నుంచి 700 మధ్య ఉంటే ఈ పరికరాలకు అది మంచి ఫలితమే. కాగితం మందంలో 0.02 మి.మీ. తేడా ఉన్నా జవాబు 40 నానోమీటర్లకు పైగా జరుగుతుంది.

తీగ సరిగ్గా మధ్యలో పడలేదా? రెండు బ్లేడ్ల మధ్య మొత్తం దూరం మారనంతవరకు d మారదు. ఒక చీలిక ఎంత సన్నబడితే రెండోది అంత వెడల్పవుతుంది, వాటి మధ్య బిందువుల దూరం అంతే ఉంటుంది. మారేది చీకటి పట్టీల నలుపు. ఒక వైపు కాంతి ఎక్కువ కావడంతో అవి పూర్తిగా నల్లబడకుండా బూడిద రంగులో మిగులుతాయి. కొలతకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటే మార్చండి

ఒకసారి ఒకటే మార్చాలి, మిగతావి ముట్టుకోకూడదు. ప్రతిసారీ రెండు విషయాలు చూడండి: చుక్కల మధ్య దూరం, మధ్య గుంపు మొత్తం వెడల్పు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు తేడా తెలిసేది అక్కడే. గుంపుకు ఒక వైపున్న పెద్ద ఖాళీ మధ్య నుంచి రెండో వైపున్న పెద్ద ఖాళీ మధ్య వరకు దూరమే దాని వెడల్పు. మన అమరికలో అది 39 మి.మీ.

*తెర దూరం.* కాగితాన్ని 1.5 మీటర్లకు తెస్తే β సగమై 3.25 అవుతుంది. మధ్య గుంపు కూడా సగమై 19.5కి వస్తుంది. అందులో చుక్కలు మాత్రం ఐదే. బొమ్మ మొత్తం ఒకే పాళ్లలో కుదించుకుపోయింది. D అంటే చీలికల నుంచి తెరకు, లేజర్ నుంచి కాదు. లేజర్‌ను వెనక్కి జరిపి చూడండి, β కదలదు. అర మీటరు వెనకున్న లేజర్ నుంచి కొలిస్తే D 3.5 అయి, λ 557 అని తప్పుగా వస్తుంది. తెర ఏటవాలుగా ఉందో లేదో తెలుసుకోవాలంటే మధ్య చుక్క నుంచి ఎడమ ఐదు, కుడి ఐదు విడివిడిగా కొలవండి. రెండూ సమానంగా రావాలి.

*తరంగదైర్ఘ్యం.* ఎర్రదాని చోట ఆకుపచ్చ లేజర్ పెట్టండి. ఈ పాయింటర్లలో మామూలుగా వచ్చేది 532 నానోమీటర్లు. β 5.3కు తగ్గుతుంది, గుంపు 32కు తగ్గుతుంది, చుక్కలు మళ్లీ ఐదే. ఇదీ మొత్తం బొమ్మ కుదింపే.

రెండు లేజర్లూ ఉంటే d గొడవే లేకుండా కొలిచే దారి ఒకటుంది. ఒకే అట్ట, ఒకే దూరంతో రెండు రంగుల్లోనూ పది ఖాళీలు కొలవండి. ఎర్రది 65, ఆకుపచ్చ 53 వచ్చాయనుకోండి:

```
λ = 532 × 65 / 53 ≈ 652 nm
```

d, D రెండూ కొట్టుకుపోయాయి కాబట్టి కాగితం మందం మీద ఉన్న అనుమానమూ పోయింది. నన్నడిగితే మొదటి పద్ధతి అర్థం కావడానికి, ఇది కొలవడానికి.

ఊదా రంగు 405 నానోమీటర్ల లేజర్ వాడొద్దు. కంటికి అది మసకగా కనిపిస్తుంది గానీ శక్తి తక్కువని కాదు. పైగా తెల్ల కాగితంలోని తెల్లదనం పెంచే రసాయనం వెలిగి చుక్క నీలంగా అనిపిస్తుంది.

*చీలికల మధ్య దూరం.* 0.3 మి.మీ. తీగతో, అదే కాగితం సందుతో రెండో అట్ట చేయండి. d ఇప్పుడు 0.4. ఎర్ర లేజర్, 3 మీటర్లు. β 4.9 మి.మీ.కి తగ్గుతుంది. కానీ మధ్య గుంపు అదే 39 దగ్గర కదలకుండా ఉంటుంది! అందులో చుక్కలు ఐదు నుంచి ఏడయ్యాయి. గుంపు వెడల్పును నిర్ణయించేది ఒక్కో చీలిక వెడల్పు, అది మనం మార్చలేదు. లోపలి చుక్కలను నిర్ణయించేది చీలికల మధ్య దూరం, అదే మారింది. తెర దూరమూ రంగూ బొమ్మ మొత్తాన్ని సాగదీస్తాయి, d మాత్రం ఒకే చోటులో చుక్కల్ని ఒత్తుగానో పల్చగానో పరుస్తుంది.

మొదటి అట్టలోనే బ్లేడ్లు కదపకుండా తీగ మాత్రం మార్చకండి. అప్పుడు లావు తీగ చీలికలను 0.05కు సన్నం చేస్తుంది, d 0.35 మాత్రమే అవుతుంది, గుంపు రెండింతలు వెడల్పవుతుంది. రెండు ఒకేసారి మారి ఏది దేనివల్లో తెలియదు.

మొదట్లో అడిగిన ప్రశ్నకు వస్తే, చీలికలు దగ్గరైతే పట్టీలు దూరమయ్యే కారణం ఇది. పక్క ప్రకాశ పట్టీ రావాలంటే రెండు చీలికల నుంచి వచ్చే దారుల మధ్య సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం తేడా రావాలి. చీలికలు దూరంగా ఉంటే కొద్దిగా పక్కకు వెళ్లగానే అంత తేడా వచ్చేస్తుంది. దగ్గరగా ఉంటే అదే తేడా కోసం ఇంకా పక్కకు వెళ్లాలి.

పరీక్షలో వచ్చే మిగతా రూపాలు కూడా ఇదే అట్టతో ఊహించుకోవచ్చు. d సగం, D రెట్టింపు అంటే β నాలుగు రెట్లు. అమరిక మొత్తాన్ని నీటిలో ముంచితే తరంగదైర్ఘ్యం నాలుగింట మూడు వంతులవుతుంది కాబట్టి మన 6.5 కాస్తా 4.9 అవుతుంది. లేజర్ బదులు ఫోన్ టార్చి వాడొచ్చా అంటే, నేరుగా వాడితే ఏమీ కనిపించదు. దానిలో రంగులన్నీ కలిసి ఉంటాయి, పైగా వెలిగే భాగం వెడల్పు ఎక్కువై ఒక్కో బిందువు వేసే పట్టీలు ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. టార్చి ముందు మొదట ఒక సన్నటి ఒంటి చీలిక పెట్టాలి. అప్పుడు కూడా చీకటి గదిలో మసకగా, అంచులకు రంగులతో కనిపిస్తాయే తప్ప స్కేలు పెట్టి కొలిచేంత వెలుగు రాదు.